పీపీటీ ఆఫీసు గడప దాటే ముందు

స్టాక్ మార్కెట్లో నమోదైన చాలా కంపెనీలకు మూడు నెలలకోసారి ఒకే హడావుడి. త్రైమాసికం ముగుస్తుంది, లెక్కలు తేలుతాయి, వాటిని బోర్డు ముందు పెట్టడానికి ఫైనాన్స్ విభాగం ఓ పీపీటీ తయారుచేస్తుంది. అమ్మకాలెంత, లాభమెంత, ఏ విభాగం దెబ్బతింది, డివిడెండ్ ఇవ్వాలా వద్దా, అన్నీ అందులోనే ఉంటాయి. సమావేశానికి కొన్ని రోజుల ముందే ఆ ఫైలు బయటికి వెళ్లక తప్పదు. ఎందుకంటే స్వతంత్ర డైరెక్టర్లు ఆఫీసులో కూర్చునేవాళ్లు కారు. ఒకాయన విజయవాడలో ఉంటారు, ఒకావిడ ముంబైలో ఉంటారు, ఇంకొకాయన ఆ నెలలో కొడుకు దగ్గరికి న్యూజెర్సీ వెళ్లి ఉంటారు.

ఫైలు బయలుదేరినప్పటి నుంచి ఫలితాలు ప్రకటించేదాకా అందులోని అంకెలు నగదుతో సమానం. 2017 నవంబర్‌లో రాయిటర్స్ వార్తా సంస్థ ఒక కథనం ప్రచురించింది. కనీసం 12 పెద్ద కంపెనీల ఫలితాల వివరాలు, అధికారిక ప్రకటన కంటే ముందే ప్రైవేటు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయన్నది దాని సారాంశం. ఆ తర్వాత సెబీ విచారణకు దిగింది. ఇలాంటి సమాచారాన్ని సెబీ 2015 నాటి ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల్లో విడిగా ఒక తరగతిగా పెట్టింది. దాన్ని ఎవరికైనా పని మీద పంపాల్సి వస్తే, అందుకున్న మనిషి కూడా ఇన్‌సైడరే అవుతాడు. ఆ సంగతి, గోప్యత పాటించాలన్న సంగతి అతనికి నోటీసుగా తెలియజేయాలి. ఎవరికి పంపారో పేరు, పాన్ నంబరుతో సహా కంపెనీ తన డేటాబేస్‌లో రాసిపెట్టుకోవాలి.

కాబట్టి స్లైడ్ మీద వాలుగా కనిపించే CONFIDENTIAL అన్న బూడిదరంగు మాట అలంకారం కాదు, ఆ నోటీసులో అదొక భాగం. దాని పక్కన DRAFT అన్న మాటకూ వేరే పని ఉంది. బోర్డు ఆమోదించేదాకా ఆ అంకెలు కంపెనీ ఫలితాలు కావు, మారొచ్చు. ఎవరైనా వాటినే చివరి అంకెలుగా పట్టుకుని ఎక్కడైనా వాడితే తర్వాత దిద్దుకోవడం కష్టం. ఇక పాస్‌వర్డ్ సంగతి పూర్తిగా వేరు. ముద్రలు రెండూ ఫైలు అందాల్సినవాళ్లతో మాట్లాడతాయి, పాస్‌వర్డ్ అందకూడనివాళ్లను ఆపుతుంది. ఈ తేడా తెలియక, ముద్ర వేశాం కదా అని పాస్‌వర్డ్ మానేసేవాళ్లున్నారు, పాస్‌వర్డ్ పెట్టాం కదా అని ముద్ర మానేసేవాళ్లూ ఉన్నారు.

పని ఎలా జరుగుతుందో చూడటానికి ఒక కంపెనీని ఊహించుకుందాం. హైదరాబాద్‌లో మందులు తయారుచేసే మధ్యస్థాయి సంస్థ. సెప్టెంబర్ త్రైమాసికం పీపీటీ 36 స్లైడ్లు. బయట ఉన్న డైరెక్టర్లు ఐదుగురు. పంపే బాధ్యత కంపెనీ సెక్రటరీది. ఆవిడ దగ్గర పనిచేసే కుర్రాడు ముద్రలు వేయాలి.

అతను మొదట వెతికేది వాటర్‌మార్క్ బటన్. వర్డ్‌లో డిజైన్ మెనూలో అది ఉంటుంది, నొక్కితే DRAFT, CONFIDENTIAL రెండూ తయారుగా దొరుకుతాయి. పవర్‌పాయింట్‌లో అలాంటి బటన్ లేదు. ఇన్నేళ్లయినా ఎందుకు పెట్టలేదో నాకైతే అర్థం కాదు. చేత్తో వేసుకోవాలి. `View` మెనూలో `Slide Master` తెరిస్తే ఎడమవైపు చిన్న స్లైడ్ల వరుస వస్తుంది. అందులో అన్నిటికంటే పైన, కాస్త పెద్దగా ఉండేది మాస్టర్. దాని కింద ఉండేవి లేఅవుట్లు. మాస్టర్ మీద టెక్స్ట్ బాక్స్ పెట్టి మాట రాస్తే అది అన్ని లేఅవుట్లలోకీ, వాటి ద్వారా అన్ని స్లైడ్లలోకీ దిగుతుంది. చాలామంది పొరపాటున ఏదో ఒక లేఅవుట్ మీద రాసి, ముద్ర నాలుగు స్లైడ్లలోనే ఎందుకొచ్చిందా అని తల పట్టుకుంటారు.

వాలు విషయం కూడా చెప్పాలి. వర్డ్ అలవాటుతో అందరూ 45 డిగ్రీలు తిప్పుతారు. అది నిలువు కాగితానికి సరిపోయే వాలు. ఇప్పటి వెడల్పాటి స్లైడ్ 13.33 అంగుళాల వెడల్పు, 7.5 అంగుళాల ఎత్తు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు గీత గీస్తే అది 30 డిగ్రీలకు కాస్త తక్కువ వాలులో ఉంటుంది. రొటేషన్ దగ్గర 330 అని కొడితే మాట ఆ గీత వెంబడే పడుకుంటుంది. అప్పుడు CONFIDENTIAL అన్న పన్నెండు అక్షరాల మాటను 96 పాయింట్ల సైజులో రాసినా అంచులు దాటదు. రంగు లేత బూడిద, పారదర్శకత 80 శాతం దగ్గర మొదలుపెట్టి చూడాలి. ముద్ర కిందున్న అంకె చదవడానికి కష్టమైతే ఇంకొంచెం పలచన చేయాలి. ప్రింట్ తీస్తే మాయమయ్యేంత పలచనగా ఉంటే చిక్కన చేయాలి. స్క్రీన్ మీద చూసి నిర్ణయించడం కంటే ఒక్క స్లైడ్ ప్రింట్ తీసి చూడటం మేలు. డైరెక్టర్లలో పెద్దవాళ్లు కాగితం మీదే చదువుతారు.

DRAFT ముద్రను ఇంకో వాలు మాటగా వేస్తే స్లైడ్ గజిబిజి అవుతుంది. దాన్ని పైన కుడి మూలలో చిన్న పెట్టెలో, ఎర్రటి అక్షరాలతో, తేదీతో సహా పెట్టడం మంచిది. "DRAFT 3, 18 అక్టోబర్, బోర్డు ఆమోదానికి ముందు" అని ఉంటే చదివే మనిషికి ఎంత నమ్మాలో తెలుస్తుంది. తేదీ లేని డ్రాఫ్ట్ ముద్ర సగం ముద్రే. రెండోసారి సవరించి పంపినప్పుడు ఏది పాతదో ఏది కొత్తదో తేల్చేది ఆ తేదీయే.

కుర్రాడు ఇదంతా చేసి, మాస్టర్ మూసేసి, మొదటి నాలుగైదు స్లైడ్లు తిప్పి చూసి, "అయిపోయింది మేడమ్" అంటాడు. ఆవిడ అనుభవం ఉన్న మనిషి కనుక ముప్ఫై ఆరూ తిప్పమంటుంది. ఏడో స్లైడ్‌లో ముద్ర లేదు. పన్నెండులోనూ లేదు. ఇరవై నుంచి ఇరవై మూడు దాకా అసలు లేదు. మూడు చోట్లా కారణాలు వేరు.

ఏడో స్లైడ్ నిండా ఫ్యాక్టరీ ఫొటో ఉంది. మాస్టర్ మీద రాసింది ఎప్పుడూ స్లైడ్‌లోని వస్తువులన్నిటికీ కిందే ఉంటుంది. ఫొటో దాన్ని కప్పేసింది. తెల్లరంగు నింపిన పెద్ద టేబుల్ అయినా ఇదే పని చేస్తుంది. అసలు చిక్కేమిటంటే లాభనష్టాల పట్టిక ఉండే స్లైడ్‌లోనే టేబుల్ అంచు నుంచి అంచు దాకా ఉంటుంది. అంటే ముద్ర అన్నిటికంటే అవసరమైన చోటే కనపడదు. పన్నెండో స్లైడ్‌కు ఎవరో `Hide Background Graphics` టిక్ పెట్టారు, దాంతో మాస్టర్ మీదివన్నీ దాగిపోయాయి. ఇరవై నుంచి ఇరవై మూడు స్లైడ్లను మార్కెటింగ్ వాళ్ల పీపీటీ నుంచి, వాళ్ల రంగులు చెడకుండా అలాగే తెచ్చి అతికించారు. అలా తెచ్చినప్పుడు వాటి మాస్టర్ కూడా వెంట వస్తుంది. ఆ ఫైలులో ఇప్పుడు మాస్టర్లు రెండు, ముద్ర ఒకదానికే పడింది.

రెండో మాస్టర్ మీద కూడా ముద్ర అతికిస్తే మూడోది సరి. టిక్ తీసేస్తే రెండోది సరి. మొదటిదానికి దగ్గరి దారి లేదు. ఫొటో, టేబుల్ ఉన్న స్లైడ్లలో ముద్రను కాపీ చేసి, నేరుగా స్లైడ్ మీద, అన్నిటికీ పైన అతికించాలి. పారదర్శకత ఉంది కనుక కిందున్న అంకెలు కనిపిస్తూనే ఉంటాయి.

ఇంత చేశాక కూడా ఈ ముద్రలో ఓ బలహీనత మిగిలే ఉంది. ఫైలును పీపీటీగానే పంపితే, అందుకున్నవాళ్లు మాస్టర్ తెరిచి డిలీట్ కొడితే రెండు క్లిక్కుల్లో ముద్ర పోతుంది. పీడీఎఫ్‌గా మార్చినా ముద్ర విడి వస్తువుగానే మిగులుతుంది, పీడీఎఫ్ దిద్దే సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటే తీసేయొచ్చు. పైగా పీపీటీలో కంటికి కనిపించనివి చాలా ఉంటాయి. స్లైడ్ కింద మాట్లాడేవాళ్ల కోసం రాసుకున్న నోట్స్, ఎక్సెల్ నుంచి తెచ్చిన చార్టు వెనక మొత్తం వర్క్‌బుక్. చార్టు మీద కుడి క్లిక్ చేసి డేటా తెరిస్తే, చూపించాలనుకోని షీట్లు కూడా బయటపడతాయి. డైరెక్టర్ చూస్తే ఫరవాలేదనుకున్నా, ఆయన దాన్ని ఇంకెవరికైనా ఫార్వర్డ్ చేస్తే?

దీనికి పవర్‌పాయింట్‌లోనే ఒక మందు ఉంది గానీ వాడేవాళ్లు తక్కువ. `Save As` లో ఫైలు రకాల జాబితా కిందికి జరుపుతూ పోతే `PowerPoint Picture Presentation` అని కనిపిస్తుంది. అది ప్రతి స్లైడ్‌నూ ఒక్క బొమ్మగా మార్చి కొత్త ఫైలు చేస్తుంది. ముద్ర, అంకె, చార్టు అన్నీ ఒకే బొమ్మలో కలిసిపోతాయి. ముద్రను విడదీయడానికి అక్కడ విడి ముద్ర ఉండదు, చార్టు వెనక వర్క్‌బుక్ ఉండదు. నష్టాలూ ఉన్నాయి. అక్షరాలను వెతకలేం, కాపీ చేయలేం, యానిమేషన్లు పోతాయి, చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఏమీ చదవలేదు. పది పాయింట్ల కంటే చిన్న అంకెలు మసకబారొచ్చు కూడా. అందుకే మార్చాక పట్టిక ఉన్న స్లైడ్లను పెద్దవి చేసి ఒకసారి చదివి చూడాలి. బోర్డు పీపీటీ లాంటివాటికి ఈ నష్టాలు భరించదగ్గవేనని నా అభిప్రాయం. డైరెక్టర్లలో స్క్రీన్ రీడర్ వాడేవాళ్లుంటే మాత్రం వాళ్లకు వేరే ఏర్పాటు చేయాలి.

ఇదే దశలో ఇంకొక మంచి పని చేయొచ్చు. మాస్టర్ మీద CONFIDENTIAL కింద అందుకునే డైరెక్టర్ పేరు రాసి, ఆ కాపీని బొమ్మల ఫైలుగా సేవ్ చేయాలి. పేరు మార్చి మళ్లీ సేవ్ చేయాలి. నేరుగా స్లైడ్ మీద అతికించిన ముద్రల్లో కూడా పేరు మార్చడం మరవకూడదు. ఐదుగురికి ఐదు ఫైళ్లు. ఎవరైనా ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పంపినా ఆ పేరు ఫొటోలో ఉంటుంది. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ఫైలు తెరుచుకున్నాక దాని పని అయిపోయింది. ఆ తర్వాత కూడా పనిచేసేది ఈ పేరొక్కటే. అది ఎవరినీ ఆపదు గానీ, ఫొటో తీయబోయే చేతిని ఒక్క క్షణం వెనక్కి లాగుతుంది.

ఇక పాస్‌వర్డ్. పవర్‌పాయింట్‌లో `File`, `Info`, `Protect Presentation` దాకా వెళితే జాబితాలో చాలా పేర్లు కనిపిస్తాయి. వాటిలో పాస్‌వర్డ్‌తో తాళం వేసేది ఒక్కటే, `Encrypt with Password`. `Mark as Final` తాళం కాదు. దాన్ని పెడితే పైన ఒక పసుపు పట్టీ వస్తుంది, అందులోనే `Edit Anyway` అన్న బటన్ కూడా ఉంటుంది. సేవ్ చేసేటప్పుడు `Tools` లో దొరికే "మార్చడానికి పాస్‌వర్డ్" కూడా తాళం కాదు. దాన్ని తెలియనివాళ్లు కూడా ఫైలు తెరిచి పూర్తిగా చదువుకోవచ్చు.

తాళం నిజంగా పడిందో లేదో తేల్చుకోవడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దాని కాపీ తీసి, పేరు చివర `.pptx` తీసి `.zip` అని పెట్టి విండోస్‌లో తెరవండి. లోపల `ppt`, `docProps` అన్న ఫోల్డర్లు కనిపిస్తే ఫైలుకు తాళం లేనట్టే. అందులోని బొమ్మలు, నోట్స్ ఎవరైనా తీసుకోవచ్చు. విండోస్ దాన్ని తెరవలేనని మొరాయిస్తే లోపలిదంతా ఎన్‌క్రిప్ట్ అయినట్టు. `Mark as Final` పెట్టిన ఫైలు ఈ పరీక్షలో ఎలా విప్పుకుంటుందో చూస్తే ఇంకెప్పుడూ దాన్ని నమ్మరు.

మన కంపెనీ సెక్రటరీ మాత్రం పీపీటీగా పంపదు, పీడీఎఫ్‌గా పంపుతుంది. విండోస్‌లో పవర్‌పాయింట్ పీడీఎఫ్ చేస్తుంది గానీ వర్డ్‌లో ఉన్నట్టు అక్కడే పాస్‌వర్డ్ పెట్టే వీలు ఇవ్వదు. అక్రోబాట్ ప్రో కొనుక్కున్నవాళ్లకు సమస్య లేదు. లేనివాళ్లకు ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ ఉంది. మామూలు పీపీటీని అందులో తెరిస్తే అక్షరాలు అటూ ఇటూ జరుగుతాయి గానీ, బొమ్మల ఫైలు కనుక జరగడానికేమీ లేదు. పీడీఎఫ్ ఎగుమతి చేసే పెట్టెలో `Security` ట్యాబ్ కింద రెండు పాస్‌వర్డ్‌లు అడుగుతుంది. ఒకటి తెరవడానికి, రెండోది ప్రింట్, కాపీ, మార్పులను ఆపడానికి. కావాల్సింది మొదటిది. రెండోది మర్యాద కొద్దీ పనిచేసేది. దాన్ని పాటించడం మానడం పీడీఎఫ్ తెరిచే సాఫ్ట్‌వేర్ ఇష్టం, పాటించనివి ఉచితంగానే దొరుకుతాయి. ఒక్క రెండోదే పెట్టి ఫైలు భద్రమనుకోకూడదు.

పాస్‌వర్డ్ ఏం పెట్టాలన్న దగ్గర మన అలవాట్లు మనల్ని దెబ్బతీస్తాయి. ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లందరికీ తెలుసు, పేరులో మొదటి నాలుగు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్. పేరు తెలిసినవాడికి మిగిలింది సంవత్సరం ఊహించడమే, మహా అయితే వంద ప్రయత్నాలు. కోట్లమందికి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పాస్‌వర్డ్ చెప్పలేరు కనుక అక్కడ అలా పెట్టారనుకోవచ్చు. ఐదుగురు డైరెక్టర్లకు పంపే ఫైలుకు అదే పద్ధతి పట్టుకుని `Board@Q2` అనో, కంపెనీ పేరు పక్కన సంవత్సరమనో పెట్టడానికి ఏ సాకూ లేదు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే చాలు: `gongura-metlu-vaana-ginne`. ఫోన్లో చెప్పడం సులువు, ఊహించడం కష్టం. తెలుగు లిపిలో మాత్రం పెట్టొద్దు. కొన్ని కీబోర్డులు అక్షరాల మధ్య కంటికి కనిపించని గుర్తొకటి చొప్పిస్తాయి. కంప్యూటర్లో కొట్టిన మాట, ఫోన్లో కొట్టిన మాట చూడటానికి ఒకటే అయినా ఫైలుకు ఒకటి కాకపోవచ్చు.

పాస్‌వర్డ్ ఫైలు వెళ్లిన మెయిల్లో వెళ్లకూడదు. ఆ వెంటనే పంపే రెండో మెయిల్లో కూడా వెళ్లకూడదు. మెయిల్ పెట్టె ఎవరి చేతికైనా చిక్కితే రెండూ కలిసే చిక్కుతాయి. ఫోన్ చేసి చెప్పడమే మేలు. ఫైలు పేరుకు, మెయిల్ సబ్జెక్టుకు పాస్‌వర్డ్ ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. సబ్జెక్టులో "రెండో త్రైమాసికం, లాభం తగ్గుదల" అని రాసి లోపలి ఫైలుకు తాళం వేస్తే దాచిందేమీ లేదు.

పంపిన మర్నాడు విజయవాడ డైరెక్టర్ ఫోన్ చేస్తారు. "ఏమ్మా, మెయిల్ వచ్చింది గానీ నొక్కితే ఏమీ కనిపించడం లేదు."

"సార్, మెయిల్లోంచే చూస్తే రాదండీ. డౌన్‌లోడ్ చేసి, పీడీఎఫ్ యాప్‌లో తెరవండి. పాస్‌వర్డ్ అడుగుతుంది, నిన్న చెప్పాను కదండీ."

ముంబై డైరెక్టర్‌కు అసలు మెయిలే చేరలేదు. ఆవిడ పనిచేసే సంస్థ మెయిల్ సర్వర్, లోపల ఏముందో తనిఖీ చేయలేని అటాచ్‌మెంట్ కనుక దాన్ని పక్కన పెట్టేసింది. తాళం వేసిన ఫైళ్లతో ఈ రెండు ఇబ్బందులూ మామూలే. ముందే ఊహించి, మెయిల్లోనే తెరిచే పద్ధతి రెండు వాక్యాల్లో రాస్తే మొదటి ఫోన్ రాదు. రెండోదానికి అవతలి సంస్థ ఐటీ విభాగంతో మాట్లాడటమే దారి. విసుగొచ్చి "సరే, పాస్‌వర్డ్ లేకుండా వాట్సాప్‌లో పెట్టేస్తాను" అనడం దగ్గరే చాలా లీకులకు దారి పడుతుంది.

ఇంకొక జాగ్రత్త. పాస్‌వర్డ్ మరిచిపోతే మైక్రోసాఫ్ట్‌ను అడిగినా తిరిగి ఇవ్వలేదు. అందుకే ముద్ర, తాళం రెండూ బయటికెళ్లే కాపీకే. ముద్ర లేని, తాళం లేని అసలు ఫైలు ఆఫీసు లోపల, చూడాల్సినవాళ్లు మాత్రమే చూడగల ఫోల్డర్లో ఉండాలి. దాని అవసరం త్వరలోనే పడుతుంది. బోర్డు సమావేశం మార్కెట్ వేళల్లో ముగిస్తే 30 నిమిషాల్లోపు ఫలితాలు స్టాక్ ఎక్స్ఛేంజికి చేరాలి. ఆ హడావుడిలో ముద్ర వేసిన కాపీ పట్టుకుని తుడవడం మొదలుపెడితే ఏదో ఒక స్లైడ్ మూలలో DRAFT మిగిలిపోతుంది, ఇక అది ఊరందరికీ కనిపిస్తుంది. అసలు ఫైలులో ఆమోదించిన అంకెలు సరిచూసి దాన్నే పంపాలి.

డ్రాఫ్ట్ కాపీ అందుకున్నవాళ్లకు మాత్రం పని అక్కడితో అయిపోదు. ఫలితాలు వెలువడిన 48 గంటల తర్వాత గానీ ట్రేడింగ్ విండో తెరుచుకోదు, అప్పటిదాకా వాళ్లెవరూ ఆ కంపెనీ షేరు కొనకూడదు, అమ్మకూడదు.